వాన గుంతకు చేరేలోగా మట్టి ఎక్కడ ఆగాలి?

హైదరాబాదు కాలనీల్లో చాలా ఇళ్ల వాకిట్లో ఓ మూలన ఇంకుడు గుంత కనిపిస్తుంది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘నీరు-మీరు’ కార్యక్రమం ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. 2002 నాటి వాల్టా చట్టం ఇళ్లకు వాననీటి సంరక్షణ ఏర్పాట్లను తప్పనిసరి చేసింది. అయితే గుంత తవ్వడం ఒక ఎత్తు, అది పదేళ్లు నీరు తాగడం ఇంకో ఎత్తు. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి పైన సన్నని బురద పేరుకుని, వాన వెలిశాక రెండ్రోజులకు కూడా నీరు అలాగే నిలిచి ఉండే గుంతలు ఉన్నాయి. ఆ బురద నేలలోంచి పుట్టింది కాదు. డాబా మీద నుంచి వచ్చింది.

అందుకే చిన్న ఇంటికి వాననీటి ఏర్పాటు చేసేటప్పుడు ముందుగా వేసుకోవలసిన లెక్క మట్టిది. దుమ్ము, ఆకులు, పావురాల రెట్టలు డాబా నుంచి గుంతకు వచ్చే దారిలో ఎక్కడ ఆగిపోవాలో తేల్చుకుంటే, గుంత కొలతలు సులువుగానే తేలుతాయి.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాదులో 150 గజాల స్థలం, అందులో ఒకే అంతస్తు ఇల్లు, పైన 80 చదరపు మీటర్ల డాబా. అంటే సుమారు 860 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సరిగ్గా ఒక లీటరు నీరు. నగరంలో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ లెక్కన ఈ డాబా మీద 64 వేల లీటర్లు పడాలి. సిమెంటు పీల్చుకున్నది, ఎండకు ఆవిరైనది, అంచుల నుంచి చిందిపోయినది తీసేస్తే 85 శాతం చేతికొస్తుంది. అంటే 54 వేల లీటర్లు. తొలి చినుకుల మురికినీటికి మరో నాలుగు వేలు వదులుకున్నా 50 వేల లీటర్లు మిగులుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకరు లెక్కన పది ట్యాంకర్లు.

ఈ నీరు కిందికి దిగేది గొట్టాల్లోంచి. డాబాను వాలు చూసి రెండు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో నాలుగంగుళాల పీవీసీ గొట్టం పెట్టాలి. పావుగంటలో 25 మిల్లీమీటర్లు దంచి కొట్టే వానలో కూడా 40 చదరపు మీటర్ల నీటిని అలాంటి గొట్టం ఒకటి మోయగలదు. డాబా మీద గొట్టం నోటికి జాలీ బిగించాలి. ఆకులు, కాగితం ముక్కలు, పతంగుల దారం అక్కడే ఆగుతాయి. జాలీ చదునుగా ఉంటే ఒక్క పెద్ద ఆకు చాలు దాన్ని మూసేయడానికి. గుమ్మటంలా పైకి ఉబ్బి ఉన్నదైతే పక్కల నుంచి నీరు దిగుతూనే ఉంటుంది.

జాలీ ఆపలేనిది దుమ్ము. వారం పది రోజులు వాన లేకపోతే డాబా మీద పేరుకునే సన్నని ధూళి, ఎండిన రెట్టలు మొదటి కొన్ని నిమిషాల నీటితోనే కొట్టుకొస్తాయి. ఆ కాస్త నీటిని విడిగా పట్టి బయటికి వదిలేసే ఏర్పాటే ఫస్ట్ ఫ్లష్ గొట్టం. ఎంత నీటిని వదలాలన్నదానికి తేలిక సూత్రం ఉంది: చదరపు మీటరుకు ఒక లీటరు. మన ఇంట్లో ఒక్కో గొట్టం కిందికి 40 చదరపు మీటర్ల డాబా వస్తుంది కాబట్టి ఒక్కో గొట్టానికి 40 లీటర్లు.

దీన్ని అమర్చే తీరు ఇదీ. డాబా నుంచి దిగే గొట్టానికి ఎనిమిదడుగుల ఎత్తున ఒక టీ జాయింటు పెట్టాలి. టీ కింద ఆరంగుళాల లావు గొట్టం నిలువుగా దిగి, నేలకు కాస్త పైన మూతతో ముగియాలి. టీ పక్క దారి గుంత వైపు వెళ్లాలి. వాన మొదలవగానే నీరు సూటిగా లావు గొట్టంలోకి దిగుతుంది. అది నిండాకే మిగతా నీరు పక్క దారి పడుతుంది. లావు గొట్టంలో ఒక తేలే బంతి వేస్తే, నీటితోపాటు అదీ పైకి వచ్చి, టీ కిందున్న ఇరుకు మెడలో కూర్చుని దారి మూస్తుంది. అప్పుడు కింద చేరిన మురికి మళ్లీ పైకి లేచి మంచినీటిలో కలవదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ గొట్టం కొలతలోనే. ఆరంగుళాల గొట్టం అడుగుకు 5.4 లీటర్లు పడుతుంది కనుక 40 లీటర్లకు ఏడున్నర అడుగుల పొడవు కావాలి. ఉన్న నాలుగంగుళాల గొట్టాన్నే మూడడుగులు కిందికి పొడిగించి ఫస్ట్ ఫ్లష్ అనిపిస్తే అందులో పట్టేది ఏడున్నర లీటర్లే. డాబా దుమ్ములో చాలా భాగం దాన్ని దాటుకుని గుంతలోకి పోతుంది. ఏడున్నర అడుగుల ఎత్తు దొరకని చోట నిలువు గొట్టం బదులు 40 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకోవచ్చు.

ఒక వాన మురికి బయటికి పోతేనే తర్వాతి వాన మురికికి చోటుంటుంది. కొన్ని ఇళ్లలో దీనికి కుళాయి పెట్టి, వాన వెలిశాక తిప్పాలనుకుంటారు, తర్వాత మరిచిపోతారు. అంతకంటే అడుగు మూతకు రెండు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, నిండిన 40 లీటర్లు రెండు గంటల ప్రాంతంలో వాటంతటవే కారిపోతాయి. ఆ నీటిని మొక్కలకో, మోరీకో మళ్లించవచ్చు. రంధ్రం చిన్నది కాబట్టి పూడిపోయే ప్రమాదం ఉంది. వాన పడిన మర్నాడు లావు గొట్టాన్ని వేలితో తడితే సంగతి తెలుస్తుంది. డొల్లగా మోగితే ఖాళీ అయినట్టు, బరువుగా పలికితే రంధ్రం మూసుకుపోయినట్టు. అందుకే మూతను అతికించకుండా మరలు బిగించేది పెట్టుకోవాలి. నెలకోసారి విప్పి, అడుగున చేరిన మట్టిని కడిగేయాలి. రంధ్రం మరీ పెద్దదైతే ఇంకో చిక్కు: సన్నవానకు గొట్టం నిండనే నిండదు, గుంతకు చుక్క కూడా చేరదు.

ఇక గుంత. తవ్వే ముందు నేలను పరీక్షించాలి. గుంత అడుగు ఎంత లోతుకు రాబోతుందో అక్కడిదాకా చిన్నగా తవ్వి, అడుగున ఒక అడుగు లోతు గోతిలో నీరు పోయాలి. మొదటిసారి పోసింది పొడినేల పీల్చుకుంటుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. రెండోసారి నింపి గంట తర్వాత కొలవాలి. నీరు ఒక అంగుళం, ఆపైన దిగితే నేల మంచిదే. హైదరాబాదులో మొరం తగిలిన చోట సాధారణంగా ఇలాగే ఉంటుంది. అర అంగుళం కూడా దిగకపోతే నల్లరేగడో బంకమట్టో ఉన్నట్టు. ఆ పొరను దాటి మొరం దాకా లోతుగా తవ్వాలి, లేదా గుంత అడుగు నుంచి చేతి ఆగరుతో సన్నని బోరు దించాలి. నల్లరేగడి తడిసి ఉబ్బుతుంది, ఎండి బీటలిస్తుంది. పునాది పక్కన ఆ నేలను తడపడం గోడలకే ముప్పు. ఏ నేలైనా గుంతకూ పునాదికీ మధ్య పదడుగుల ఎడం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు ఇంటికి ఒక వైపు ఉంటే గుంత రెండో వైపు ఉండాలి.

గుంత సైజుకు ఆ దంచి కొట్టే వానే కొలమానం. పావుగంటలో 25 మిల్లీమీటర్లు పడితే మన డాబా నుంచి వచ్చేది 1,700 లీటర్లు. ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న గుంత దీనికి సరిపోతుంది. రాళ్లతో నింపిన గుంతలో నీటికి దొరికేది రాళ్ల మధ్య సందులే, అంటే నూటికి నలభై వంతులు. కింది నాలుగడుగుల్లో అలా 1,130 లీటర్లు, పైన ఖాళీగా వదిలిన అడుగులో మరో 700 లీటర్లు, మొత్తం 1,830.

నింపే వరుస ముఖ్యం. అడుగున చేతికి మించిన పెద్ద రాళ్లు, వాటి మీద 40 మిల్లీమీటర్ల కంకర, ఆపైన 20 మిల్లీమీటర్ల కంకర, అన్నిటికంటే పైన ఓ అరడుగు ముతక ఇసుక. కంకరకూ ఇసుకకూ మధ్య నైలాన్ వల పరిస్తే ఇసుక సందుల్లోకి జారదు. ఇసుక పైనే ఎందుకంటే, ఫస్ట్ ఫ్లష్‌ను కూడా తప్పించుకొచ్చిన సన్న మట్టి ఇసుక పైపొరలోనే ఆగుతుంది, పారతో గీకి తీసేయవచ్చు. అదే మట్టి రాళ్ల సందుల్లోకి దిగితే గుంతంతా తోడి మళ్లీ నింపడం తప్ప దారి లేదు. గొట్టం నీరు ఇసుక మీద నేరుగా దూకి గొయ్యి చేయకుండా, పడే చోట ఒక బండ వేయాలి. వాకిలి ఊడ్చిన నీరు, బట్టలు ఉతికిన నీరు ఈ గుంతలోకి రాకుండా చుట్టూ అరడుగు ఎత్తు గట్టు కట్టాలి.

ఎంత గుంతకైనా ఒక హద్దుంటుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో చాలాచోట్ల 20 సెంటీమీటర్లకు మించి వాన పడింది. మన డాబా మీద అంత వాన అంటే 13,600 లీటర్లు. దానికి సరిపడా గుంత 150 గజాల్లో తవ్వలేం, తవ్వాల్సిన పనీ లేదు. గుంత పై అంచుకు మూడంగుళాల కింద నుంచి వీధి మోరీకి ఒక పొంగు గొట్టం పెడితే, ఎక్కువైన నీరు పునాది వైపు పోకుండా బయటికి వెళ్తుంది.

గుంత బాగా పనిచేస్తోందా లేదా అన్నదానికి గడువు 24 గంటలు. వాన వెలిసిన మర్నాడు ఇసుక మీద నీరు నిలిచి ఉంటే పైపొర పూడినట్టు. ఒకటి రెండు అంగుళాలు గీకి కొత్త ఇసుక వేయాలి. అయినా దిగకపోతే మట్టి కంకరదాకా వెళ్లినట్టే. మే నెలాఖరున డాబా ఊడ్చి, జాలీలు శుభ్రం చేసి, ఫస్ట్ ఫ్లష్ మూతలు విప్పి కడిగి, ఇసుక పైపొర మార్చాలి. నాలుగైదు నెలల దుమ్ముతో దిగే తొలకరి మొదటి వానను మాత్రం పూర్తిగా మోరీకే వదలడం మేలు.

ఇంత చేసినా సొంత బోరులో నీటిమట్టం వెంటనే పెరుగుతుందని అనుకోకూడదు. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. మొరం దాటిన నీరు రాతి పగుళ్లను పట్టుకుని పోతుంది. ఆ పగుళ్లు పక్కింటి బోరుకు దారి తీయవచ్చు. అందుకే వీధిలో పది ఇళ్లు కలిసి చేసుకుంటే ఫలితం అందరి బోర్లలోనూ కనబడే అవకాశం ఎక్కువ. తొందరపడి డాబా గొట్టాన్ని నేరుగా బోరు కేసింగులోకి దించడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఇసుక వడపోత లేకుండా దిగే మట్టి పగుళ్లను పూడుస్తుంది, రెట్టల్లోని క్రిములు తాగే నీటిలో కలుస్తాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వర్షాకాలంలో నీరు కొన్ని అడుగుల లోతులోనే తగిలే ఊళ్లలో లెక్క మారుతుంది. అప్పటికే నీటితో ఉన్న నేలలో గుంత తవ్వితే అది నిండిన చెరువే అవుతుంది. అక్కడ అదే డాబా, అదే జాలీ, అదే ఫస్ట్ ఫ్లష్ గొట్టం పెట్టుకుని, పక్క దారిని గుంతకు బదులు ఇసుక వడపోత మీదుగా మూతున్న సంపులోకి తిప్పుకోవాలి.