బుంగ పడితే ఆపేది ఇసుకే

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో టీటన్ నది మీద కట్టిన మట్టి ఆనకట్ట 1976 జూన్ 5న తెగిపోయింది. దాదాపు 93 మీటర్ల ఎత్తున్న కొత్త కట్ట. మొదటిసారి నీళ్లు నింపుతున్నారు. వరద లేదు, భూకంపం లేదు, నీళ్లు కట్ట మీదుగా పొర్లనూ లేదు. ఆ పొద్దున ఏడెనిమిది గంటల ప్రాంతంలో కట్ట దిగువన కుడి గట్టుకు ఆనుకుని బురదనీళ్లు వస్తుండటం సిబ్బంది కంటపడింది. ఇరవై ముప్పై క్యూసెక్కులు ఉండొచ్చని అంచనా వేశారు. పదిన్నరకు కట్ట వాలు మీదే పెద్ద చప్పుడుతో ఇంకో ఊట పగిలింది. పదకొండుకు ఇవతల జలాశయంలో సుడి తిరగసాగింది. బుంగలోకి మట్టి తోస్తున్న రెండు బుల్‌డోజర్లు అందులోకే జారిపోయాయి. డ్రైవర్లు ప్రాణాలతో బయటపడ్డారు. 11:57కి గండి పూర్తయింది. 11 మంది చనిపోయారు.

మట్టికట్ట అన్నాక నీళ్లు ఊరకుండా ఉండవు. ఎంత బాగా దిమ్మిస కొట్టినా మట్టి రేణువుల సందుల్లోంచి నీళ్లు మెల్లగా దిగువకు నడుస్తూనే ఉంటాయి. అది లెక్కలో ఉన్నదే, భయపడాల్సిందేమీ లేదు. ఆ నీళ్లు తమతో పాటు మట్టిని కూడా తీసుకుపోవడం మొదలైతేనే ప్రమాదం. ఒక్క రేణువు కదిలితే ఆ చోట దారి కాస్త వెడల్పవుతుంది. వెడల్పైన చోటికి ఇంకాస్త నీళ్లు వస్తాయి, ఇంకాస్త మట్టి పోతుంది. బయట ఏమీ కనిపించకుండానే లోపల గొట్టం లాంటి బుంగ తయారవుతుంది. కొన్నిచోట్ల ఇది దిగువ కొసన మొదలై వెనక్కి, జలాశయం వైపు తొలుచుకుంటూ పోతుంది. ఇంకొన్నిచోట్ల కట్టలోనే పగులు పడి, ఆ పగులు గోడల్ని నీళ్లు కోస్తాయి. టీటన్‌లో జరిగింది ఈ రెండో రకానికి దగ్గర.

ఆ కట్ట నడుమ నీళ్లు ఆపడానికి వాడింది గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి ఒండ్రు. పొడిగా ఉన్నప్పుడు గట్టిగానే ఉంటుంది, జిగురు మాత్రం తక్కువ. పారే నీళ్లు తగిలితే ఇట్టే కొట్టుకుపోతుంది. గట్టు రాయిని లోతుగా తవ్వి, ఇరుకైన కందకంలో ఈ ఒండ్రునే నింపారు. రాయేమో పగుళ్ల మయం. తవ్వకాల్లో మనిషి దూరేంత సందులు కూడా బయటపడ్డాయి. కందకం గోడల్లో ఉన్న ఆ పగుళ్లన్నిటినీ మూసెయ్యలేదు, రాతికీ ఒండ్రుకూ మధ్య ఫిల్టర్ పొరా వెయ్యలేదు. ఒండ్రు నేరుగా పగుళ్ల నోటికి ఆనుకుని ఉంది. ఇరుకు కందకంలో మట్టి రెండు గోడల్నీ పట్టుకుని వేలాడినట్టుంటుంది కాబట్టి పైబరువు అడుగుదాకా పూర్తిగా దిగదు. అక్కడ నీటి ఒత్తిడి మట్టి ఒత్తిడిని మించితే మట్టి చీలుతుంది. ఆర్థర్ కాసగ్రాండే, రాల్ఫ్ పెక్ లాంటి దిగ్గజాలున్న నిపుణుల సంఘం శిథిలాల్ని పరిశీలించింది. మొదటి పగులు ఎలా పడిందో తేల్చే సాక్ష్యం వరదతోనే పోయింది. కొట్టుకుపోయే మట్టిని కాపాడే ఏర్పాటు లేకపోవడమే అసలు లోపమన్నది మాత్రం స్పష్టం.

ఆ ఏర్పాటు పేరే ఫిల్టర్. చూడ్డానికి మామూలు ఇసుక పొరే. నీళ్లకు దారివ్వాలి, మట్టిని పోనివ్వకూడదు. ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది: ఇసుక సందులకన్నా మట్టి రేణువులు ఎంతో చిన్నవి, అవెలా ఆగుతాయి? అన్నీ ఆగనక్కర్లేదు. మట్టిలో ఉన్న ముతక రేణువులు ముందు ఇసుక సందుల్లో చిక్కుకుంటాయి. వాటి సందుల్లో వాటికన్నా చిన్నవి, వాటి వెనుక ఇంకా చిన్నవి ఇరుక్కుంటాయి. కాసేపట్లో మట్టే తనకు తాను అడ్డుగోడ కట్టుకుంటుంది.

అందుకే సూత్రం మట్టిలో ముతక వైపునూ, ఇసుకలో సన్న వైపునూ చూస్తుంది. జల్లెడ పట్టినప్పుడు బరువులో 85 శాతం ఏ సైజు కన్నా సన్నగా ఉందో అది మట్టి డి85. 15 శాతం ఏ సైజు కన్నా సన్నగా ఉందో అది ఇసుక డి15, సందుల సైజును నిర్ణయించేది ఇదే. ఇసుక డి15 మట్టి డి85కి నాలుగు రెట్లు దాటకూడదని కార్ల్ టెర్జాగీ పెట్టిన నియమం. నీళ్లు సులువుగా పారాలంటే అదే డి15, మట్టి డి15కి కనీసం నాలుగు రెట్లు ఉండాలన్నది రెండో సగం.

ఆ నియమం ఇసుక మట్టికి సరిపోయింది. బంకమట్టి, ఒండ్రుల సంగతి టీటన్ తర్వాత 1980లలో జేమ్స్ షెరార్డ్, లోర్న్ డన్నిగన్ తేల్చారు. వాళ్ల పరీక్ష సూటిగా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల మందం మట్టిబిళ్లకు ఒక మిల్లీమీటరు కన్నం పెట్టి, కింద ఇసుక పరిచి, పైనుంచి 40 మీటర్ల ఎత్తు నీటికి సమానమైన ఒత్తిడి పెడతారు. కట్టలో పగులు పడిపోయిందనే అనుకుని చేసే పరీక్ష ఇది. కన్నం పెద్దది కాకుండా ఊట ఆగిపోతే ఆ ఇసుక పనికొస్తుంది.

వచ్చిన లెక్క ఇలా ఉంటుంది. 0.075 మిల్లీమీటర్ల జల్లెడలోంచి 90 శాతం జారిపోయే సన్న ఒండ్రు ఉందనుకుందాం. దాని డి85 0.06 మిల్లీమీటర్లు. ఇలాంటి మట్టికి తొమ్మిది రెట్ల దాకా వెళ్లొచ్చు, అంటే ఇసుక డి15 0.54 మించకూడదు. నీళ్లు పారడానికి 0.1 కన్నా తగ్గకూడదు. కాంక్రీటుకు వాడే మంచి ఇసుక సాధారణంగా ఈ రెంటి నడుమే పడుతుంది. ఖరీదైన సరుకేమీ అక్కర్లేదన్నమాట. కానీ ఆ ఇసుక నుంచి నీళ్లు తీసుకెళ్లడానికి నేరుగా 40 ఎంఎం కంకర వేస్తే ఇసుకే కంకరలోకి జారిపోతుంది. ఇసుకకూ కంకరకూ మధ్య మళ్లీ అదే సూత్రం పాటించాలి.

కాగితం మీద లెక్క కుదిరినా పొరపాటుకు రెండు దారులున్నాయి. మొదటిది మట్టిలోనే ఉంటుంది. గులకరాళ్లు కలిసిన మట్టిని అలాగే జల్లెడ పడితే రాళ్ల వల్ల డి85 పెద్దదిగా కనిపిస్తుంది, దానికి తగ్గట్టు ముతక ఇసుక ఎంచుకుంటారు. రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉండి, సందుల్లోని సన్నమట్టి జారిపోతుంది. అందుకే 4.75 మిల్లీమీటర్లకు మించినవి లెక్కలోంచి తీసేసి, మిగిలిన మట్టితోనే లెక్కగట్టాలి. రెండోది ఇసుకలో ఉంటుంది. ఇసుకలో బంక ఎక్కువుంటే కట్టకు పగులు పడ్డప్పుడు ఫిల్టర్‌కూ పగులు పడి తెరుచుకునే ఉంటుంది. ఫిల్టర్ అనేది కూలి పగులును పూడ్చాలి. సన్నపొడి సాధారణంగా ఐదు శాతం దాటకూడదన్నది అందుకే. దీన్ని సైటులో తేల్చడానికి పీటర్ వాన్ సూచించిన పరీక్షకు గిన్నె, పళ్లెం చాలు. తడి ఇసుకను గిన్నెలో దట్టించి బోర్లిస్తే ముద్దలా నిలబడుతుంది. పళ్లెంలో నీళ్లు పోసినప్పుడు అది జారి కూలిపోవాలి. నిలబడే ఉంటే ఆ ఇసుకను వెనక్కి పంపాలి.

మన చెరువు కట్టల దగ్గర కూడా ఇదే తర్కం. దిగువన ఊట కనపడగానే పారలతో మట్టి తెచ్చి మూసేస్తారు. మూసిన చోట ఆగిన నీళ్లు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తాయి. అంతకన్నా ముందు ఊటను గాజు గ్లాసులో పట్టి చూడాలి. తేటగా, రోజూ ఒకే పరిమాణంలో వస్తుంటే గమనిస్తూ ఉంటే సరిపోతుంది. గ్లాసు అడుగున మట్టి దిగినా, జలాశయం మట్టం పెరగకుండానే ఊట పెరిగినా వెంటనే ఇంజినీర్లకు చెప్పాలి. వాళ్లు చేసేది మూసెయ్యడం కాదు. ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన రాళ్లు పరుస్తారు. నీళ్లు వస్తూనే ఉంటాయి, తేటబడి వస్తాయి. ఈలోగా తూములు ఎత్తి చెరువు మట్టం దించుతారు.