గొయ్యి లోతు మారుతుంది, ఇసుక మందం మారదు

డ్రైనేజీ పైపు వేసిన వీధిని మొదటి వానాకాలం దాటాక చూడండి. రోడ్డు పొడవునా ఒక చార కుంగి ఉంటుంది. వీధి మొదట్లో కాలికి కూడా తెలియనంత పల్లంగా ఉన్న ఆ చార, నడిమధ్యకు వచ్చేసరికి బండి చక్రం దిగబడేంత లోతవుతుంది. మొదట్లో మనసుపెట్టి చేసి మధ్యలో వదిలేశారని జనం అనుకుంటారు. చాలాసార్లు పని అంతటా ఒకేలా చేసి ఉంటారు. మారింది గొయ్యి లోతు. అది ఎక్కడ ఎంత మారిందో ముందుగా లెక్క వేసుకోకపోవడంతోనే చిక్కంతా వస్తుంది.

మురుగు తనంతట తాను పారాలంటే పైపుకు వాటం ఉండాలి. 200 మిల్లీమీటర్ల పైపుకు 150 మీటర్లకు ఒక మీటరు వాటం ఇచ్చామనుకుందాం. అంటే ప్రతి 30 మీటర్లకు పైపు 20 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ వాటం మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్ దాకా గీత గీసినట్టు సాగాలి. పైనున్న నేల మాత్రం ఆ గీతను పట్టించుకోదు. ఒకచోట ఎత్తుగా, ఇంకోచోట పల్లంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడాయే గొయ్యి లోతు.

90 మీటర్ల వీధి ఒకటి తీసుకుందాం. 30 మీటర్లకొకటి చొప్పున నాలుగు మ్యాన్‌హోళ్లు. లెవెల్ యంత్రంతో చూస్తే నేల మట్టాలు వరుసగా 100.00, 100.30, 100.50, 99.90 మీటర్లు వచ్చాయి. అంటే మూడో మ్యాన్‌హోల్ దగ్గర వీధికి మూపురంలాంటి మిట్ట ఉంది. గొయ్యి అడుగు మట్టాలు వాటం ప్రకారం 99.00, 98.80, 98.60, 98.40. పై మట్టంలోంచి కింది మట్టం తీసేస్తే లోతులు 1.00, 1.50, 1.90, 1.50 మీటర్లు.

తొందరలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మొదటి లోతు 1.00, చివరి లోతు 1.50 కలిపి సగం చేసి, సగటు లోతు 1.25 అంటారు. గొయ్యి వెడల్పు 80 సెంటీమీటర్లయితే, ఆ లెక్కన తవ్వకం 90 క్యూబిక్ మీటర్లు. మధ్యలో ఉన్న మిట్ట ఆ లెక్కలోకి రానే లేదు. లైనును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు దాని రెండు కొనల సగటు తీసుకోవాలి. మొదటి ముక్క సగటు 1.25, రెండోది 1.70, మూడోది 1.70. పొడవు, వెడల్పులతో గుణిస్తే 30, 40.8, 40.8. మొత్తం 111.6 క్యూబిక్ మీటర్లు. దాదాపు 22 క్యూబిక్ మీటర్ల మట్టి కాగితం మీద మాయమైందన్నమాట. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య కూడా నేల ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడ మరో కొలత తీసుకోవాలి. నేల వంపు తిరిగిన ప్రతిచోటా ఒక ముక్క ముగియాలి.

ఇక ఇసుక. గొయ్యి లోతుగా ఉన్నచోట ఇసుక ఎక్కువ కావాలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇసుక నేలను చూసి కాదు, పైపును చూసి నడుస్తుంది. పైపు కింద 10 సెంటీమీటర్ల పరుపు, పైపు మందం 20, పైపు నెత్తి మీద 15. కలిపి 45 సెంటీమీటర్లు. మీటరు లోతు దగ్గరా అంతే, 1.90 దగ్గరా అంతే. 90 మీటర్లకు ఆ పట్టీ 32.4 క్యూబిక్ మీటర్లు. అందులో పైపు ఆక్రమించే 2.8 తీసేస్తే ఇసుక 29.6. ఇది దట్టించాక ఉండాల్సిన కొలత. ట్రాక్టరులో వచ్చే తడి ఇసుక పొంగి ఉంటుంది, దట్టిస్తే అణుగుతుంది. కాబట్టి దిగుమతి చేసుకునేది దీనికంటే ఎక్కువే ఉండాలి.

ఈ పరుపు పాడయ్యేది జేసీబీ బకెట్ చివరి గీతలో. అడుగున 10 సెంటీమీటర్లు ఎక్కువ గీసిందంటే లైను పొడవునా 7.2 క్యూబిక్ మీటర్ల పల్లం ఏర్పడుతుంది. దాన్ని వదులు మట్టితో పూడ్చి పైన ఇసుక చల్లితే, మట్టి అణిగినచోట పైపు బొజ్జలా కిందికి వంగుతుంది. మురుగు అక్కడ నిలిచి, మడ్డి పేరుకుంటుంది. ఇసుకతోనే సరిగ్గా పూడిస్తే ఇసుక ఖర్చు పావు వంతు పెరుగుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ ఆఖరి జానెడు మట్టిని పలుగూ పారతో తీయిస్తాడు.

అడుగు మట్టం సరిచూసేందుకు పాత పద్ధతి ఒకటి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. గొయ్యికి అడ్డంగా రెండు కొనల్లో గుంజలు పాతి, చెక్కపట్టీలు కడతారు. పట్టీ ఎత్తు గొయ్యి అడుగు నుంచి సరిగ్గా 2.50 మీటర్లు. మన వీధిలో మొదటి పట్టీ నేల నుంచి మీటరున్నర ఎత్తులో, చివరిది మీటరు ఎత్తులో వస్తాయి. అదే 2.50 మీటర్ల పొడవున్న టీ ఆకారపు కర్రను గొయ్యిలో నిలబెట్టి, ఒక పట్టీ మీదుగా రెండోదాన్ని చూస్తే కర్ర తల ఆ చూపుగీతకు తగలాలి. గీత పైకి లేస్తే ఇంకా తవ్వాలి, కిందికి దిగితే ఎక్కువ తవ్వేశారు. మిట్ట దగ్గర ఈ చూపుగీత నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులోనే సాగుతుంది. గట్టున పోసిన మట్టికుప్ప చూపుకు అడ్డం వస్తుంది. కుప్పను గట్టుకు కనీసం మీటరున్నర దూరంలో పోయడం చూపు కోసమే కాదు, గోడ బరువుకు విరిగి మనిషి మీద పడకుండా కూడా. మీటరున్నర దాటిన లోతులో చెక్కలు, బల్లలతో గోడలకు ఊత లేనిదే ఎవరినీ దించకూడదు. మన లైనులో రెండో మ్యాన్‌హోల్ నుంచి నాలుగో దాని దాకా, 60 మీటర్లూ ఆ హద్దు దాటినవే.

పైపు పరిచేటప్పుడు ప్రతి కాలర్ కింద ఇసుకలో చిన్న గుంట తీస్తారు. లేకపోతే పైపు కాలర్ల మీదే నిలబడి, నడుము గాలిలో వేలాడుతుంది. తర్వాత ఇసుకను రెండు పక్కలా సమానంగా పోసి, పైపు కింది మూలల్లోకి చేత్తో కూరుతారు. వాటం నిలిచిందా లేదా చూడాలంటే ఒక మ్యాన్‌హోల్లో దీపం, రెండోదాంట్లో అద్దం పెట్టాలి. నిండు వృత్తం కనిపిస్తే లైను తిన్నగా ఉంది. చంద్రవంకలా కనిపిస్తే ఎక్కడో వంగింది. ఈ పరీక్ష పూడ్చకముందే కాదు, పూడ్చాక కూడా చేయాలి.

ఇక మట్టి పూడిక. 111.6లోంచి ఇసుక పట్టీ 32.4 పోతే మిగిలేది 79.2. దాని మందం చోటును బట్టి మారుతుంది. మొదట్లో 55 సెంటీమీటర్లు, మిట్ట దగ్గర 145. ఒకేసారి బకెట్‌తో తోసేసి పైపైన అదిమారనుకోండి. వానకు ఆ మట్టి పదో వంతు అణిగినా, మొదట్లో అయిదున్నర సెంటీమీటర్ల పల్లం, మిట్ట దగ్గర 14 దాటుతుంది. మొదట మనం చూసిన చార కథ ఇదే. ఒకే నాసి పని లోతైనచోట రెండున్నర రెట్లకు పైగా బయటపడింది.

అందుకే మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, కాస్త తడిపి, దిమ్మిసతోనో యంత్రంతోనో ఒక్కో పొరా గట్టిపడేదాకా కొట్టాలి. మొదట్లో నాలుగు పొరలు చాలు, మిట్ట దగ్గర పది పడతాయి. పైపుకు దగ్గరి పొరల్లో బరువు యంత్రం వాడకూడదు. నల్లరేగడి నేలల్లో పెళ్లలుగా వచ్చిన మట్టిని అలాగే తిరిగి పోయడం మరీ ప్రమాదం. పెళ్లల మధ్య ఖాళీలు నీరు తగిలేదాకా కనబడవు, తగిలాక ఒక్కసారిగా కూలతాయి. రోడ్డు కింద అలాంటి మట్టి బదులు మొరం పోయడం మేలు.

మీ వీధిలో లైను వేస్తున్నప్పుడు గొయ్యి అన్నిటికంటే లోతు ఎక్కడుందో అడగండి. అక్కడ నిలబడి పొరలు లెక్కపెట్టండి. పది రావాల్సినచోట రెండే పోశారంటే, వచ్చే వానకు రోడ్డు ఎక్కడ కుంగుతుందో ఇవాళే చెప్పేయవచ్చు.