అమ్మిన మర్నాడు కొనకూడదు

ఒక షేరు ధర సోమవారం 100 రూపాయలు, మంగళవారం 130, బుధవారం 140, గురువారం 90, శుక్రవారం 150. ఎన్నిసార్లయినా కొని అమ్ముకోవచ్చు కానీ చేతిలో ఎప్పుడూ ఒక్క షేరుకు మించి ఉండకూడదు. ఇంకో నిబంధన ఉంది: అమ్మిన మర్నాడు కొనకూడదు, ఆ రోజు ఊరికే కూర్చోవాలి. మరి ఎక్కువలో ఎక్కువ ఎంత లాభం తీయగలం?

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవాళ్లకు ఇది బాగా తెలిసిన లెక్క. లీట్‌కోడ్‌లో దీని నంబరు 309. చూడగానే ఎవరికైనా తోచేది ఒకటే: సోమవారం కొని, ధర బాగా పెరిగిన బుధవారం అమ్మడం. 40 రూపాయలు వస్తాయి. కానీ గురువారం విరామం. ఆ రోజే షేరు 90కి దిగింది, కొనే వీల్లేదు. శుక్రవారం కొన్నా అమ్మడానికి రోజు మిగలదు. లాభం 40 దగ్గరే ఆగిపోయింది.

మంగళవారమే అమ్మేస్తే? వచ్చేది 30 మాత్రమే. కానీ విరామం బుధవారంతో తీరిపోతుంది. గురువారం 90కి కొని శుక్రవారం 150కి అమ్మితే ఇంకో 60. మొత్తం 90. పది రూపాయలు వదులుకున్నందుకు అరవై దక్కాయి. ఏ రోజుకారోజు మంచి ధర చూసుకుంటూ పోయేవాడికి ఈ దారి కనబడదు.

ఐదు రోజులంటే అన్ని దారులూ చేత్తో వెతకొచ్చు. వెయ్యి రోజులైతే కంప్యూటరుకూ సాధ్యం కాదు, ఎందుకంటే రోజు పెరిగినకొద్దీ దారులు రెట్టింపులుగా పెరుగుతాయి. ఇక్కడ ఆదుకునేది డైనమిక్ ప్రోగ్రామింగ్. 1950లలో అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ పెట్టిన పేరిది. ఆయన పద్ధతిలో గడిచిన దారులన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు, ఈ రోజు ఎక్కడ నిలబడ్డామో తెలిస్తే చాలు.

మన లెక్కలో ఏ రోజు చూసినా మనం ఉండగలిగిన స్థితులు మూడే. చేతిలో షేరు ఉంది. లేదా ఈ రోజే అమ్మాం. లేదా షేరు లేదు, ఈ రోజు అమ్మనూ లేదు. ఇలా స్థితులనూ, వాటి మధ్య దారులనూ గీసుకున్న బొమ్మే స్టేట్ మెషీన్. షేరు ఉన్న స్థితి నుంచి అమ్మిన స్థితికి పోవచ్చు. అమ్మిన స్థితి నుంచి పోయేది ఖాళీ స్థితికే. కొనే దారి ఖాళీ స్థితి నుంచి మాత్రమే ఉంటుంది. అందుకే విరామం నిబంధనను వేరే గుర్తుపెట్టుకునే పని లేదు, అది బొమ్మలోనే ఇమిడిపోయింది.

ఇక ప్రతి స్థితికీ అప్పటిదాకా చేతిలో మిగలగలిగిన అత్యధిక సొమ్ము రాసుకుంటూ పోదాం. సోమవారం కొంటే మైనస్ 100, ఖాళీగా ఉంటే 0. మంగళవారం అమ్మితే 30. బుధవారం ఆ 30 ఖాళీ స్థితికి చేరుతుంది; ఆ రోజే అమ్మేదారిలో 40. గురువారం కొనాలంటే బుధవారం నాటి ఖాళీ విలువ 30 లోంచి 90 తీయాలి, మైనస్ 60. సోమవారం నుంచి షేరు పట్టుకునే ఉన్నవాడి దగ్గర మైనస్ 100, కాబట్టి మైనస్ 60 మేలు. శుక్రవారం 150 కలిపితే 90.

ప్రోగ్రాం కూడా ఇంతే. ఇందులో `hold` అంటే షేరు ఉన్న స్థితి, `sold` అంటే ఈ రోజు అమ్మినది, `rest` అంటే ఖాళీ.

```python
prices = [100, 130, 140, 90, 150]
hold, sold, rest = float('-inf'), float('-inf'), 0
for p in prices:
    hold, sold, rest = max(hold, rest - p), hold + p, max(rest, sold)
print(max(sold, rest))
```

మొదట్లో `hold`కు మైనస్ అనంతం ఇవ్వడం అసాధ్యమని చెప్పడానికే. అక్కడ 0 పెడితే కొనని షేరును సోమవారమే 100కి అమ్మేసినట్టు లెక్క వస్తుంది.

ఎక్కువమంది పొరబడేది మాత్రం ఇంకోచోట. మూడు విలువలూ నిన్నటివాటి నుంచే ఒకేసారి మారాలి. మొదట `sold` మార్చి, ఆ కొత్త విలువతో `rest` మార్చి, దాంతో `hold` మారిస్తే అమ్మిన రోజే ఖాళీ స్థితికి చేరిపోతాం, విరామం మాయమైపోతుంది. మన ధరలతో అలా రాసి చూస్తే 90 బదులు 100 వస్తుంది. అది విరామమే లేని లెక్కకు జవాబు. ప్రోగ్రాం ఆగిపోదు, ఏ హెచ్చరికా ఇవ్వదు. అందుకే చేత్తో జవాబు తేల్చుకున్న చిన్న ఉదాహరణ ఒకటి దగ్గర పెట్టుకోవడం తప్పనిసరి.

ఈ పద్ధతికి అన్ని ధరలూ ముందే తెలిసి ఉండాలి. రేపటి ధర ఇది చెప్పదు, బ్రోకరేజీ, పన్నులు కూడా లెక్కలో లేవు. దీన్ని నమ్మి మార్కెట్లో డబ్బు పెట్టకండి.

గురువారం ధర 90 బదులు 132 అనుకుని మీరే ఒకసారి వేసి చూడండి. ఈసారి మంగళవారం అమ్మడం దండగ. సోమవారం కొన్న షేరు శుక్రవారం దాకా కదపకుండా ఉంచితేనే ఎక్కువ వస్తుంది, 50 రూపాయలు.