ఏ పది పేజీలు పంపాలి?

స్క్రీన్‌ప్లే ఫెలోషిప్‌లలో కొన్ని మొత్తం స్క్రిప్టు అడుగుతాయి, కొన్ని మచ్చుకు పది పేజీలు చాలంటాయి. ‘మొదటి పది’ అని ప్రకటనలో ఉంటే ఎంపికతో పనిలేదు. ‘ఏవైనా పది’ అన్నప్పుడే చిక్కు. చాలామంది చేయి క్లైమాక్సు మీదికే పోతుంది.

ఒక కథ అనుకుందాం. నరసాపురం దగ్గర లేసు అల్లే లక్ష్మికి కూలి ఎప్పుడూ ఏజెంటు చేతి మీదుగానే అందుతుంది. తన లేసు ఎంతకు అమ్ముడవుతోందో ఆమె తెలుసుకోవడమే కథ. స్క్రిప్టు 110 పేజీలు.

క్లైమాక్సు 90వ పేజీ దగ్గర ఉంది. లక్ష్మి అందరి ముందూ ఏజెంటును నిలదీస్తుంది. రాసినవారికి కన్నీళ్లొస్తాయి గానీ, వెనక జరిగిన అవమానాలేవీ చదవని పరిశీలకుడికి అది వట్టి అరుపుల సీను. మొదటి పది పేజీల్లో ఊరు, పెళ్లి, ఏడుగురు మనుషుల పరిచయం ఉన్నాయి. సినిమాకు అవి అవసరమే, కానీ అక్కడ ఎవరికీ ఏదీ గట్టిగా కావాలని లేదు.

31 నుంచి 40 చూద్దాం. కూతురి ఫీజు కట్టాలి, ఏజెంటు ఊళ్లో లేడు. లక్ష్మి మొదటిసారి నేరుగా ఎగుమతిదారు గోడౌనుకు వెళ్తుంది. గుమాస్తా కూర్చోమనడు. ఎదురుచూస్తుండగా తాను అల్లిన టేబుల్ క్లాతు మీద ధర చీటీ కనిపిస్తుంది. ఆమె కోరిక, అడ్డు, మార్పు మూడూ ఇక్కడే ఉన్నాయి. పంపాల్సినవి ఇవే.

అయితే 31వ పేజీ పాత సీను మధ్యలో మొదలవుతోంది. అందుకే కొత్త సీను శీర్షికతో మొదలయ్యే 32 నుంచి 41 దాకా తీసుకోవాలి. 41 చివర లక్ష్మి ఆ చీటీని బొడ్లో దోపుకుంటుంది. తర్వాత ఏం చేస్తుందో చదివేవారికి తెలుసుకోవాలనిపిస్తుంది. వేర్వేరు చోట్ల నుంచి మంచి సీన్లు ఏరి అతికించకూడదు. ఒక సీను నుంచి మరో సీనుకు కథ ఎలా నడుస్తుందో అందులో కనబడదు.

పైన రెండు వాక్యాల పరిచయం పెట్టడానికి వీలిస్తే, ఏజెంటు సంగతీ ఫీజు సంగతీ రాస్తే చాలు. కథ తెలియని ఒకరికి ఆ పేజీలిచ్చి, ఎవరికి ఏం కావాలో చెప్పమనండి. అది చెప్పలేక ‘వీడెవడు, ఆమెకు ఏమవుతాడు’ అని అడుగుతూ పోతే పరిచయాన్ని పొడిగించకండి, పేజీలే మార్చండి.

మనవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఎడమవైపు దృశ్యం, కుడివైపు సంభాషణ ఉండే మన రెండు వరుసల పద్ధతిలో పేజీల లెక్క వేరు. పేజీకి సుమారు నిమిషం అనే లెక్క 12 పాయింట్ల కొరియర్ అక్షరాలతో రాసే అంతర్జాతీయ పద్ధతిది. ముందు స్క్రిప్టును ఆ పద్ధతిలోకి మార్చి, ఆ తర్వాతే పది పేజీలు లెక్కపెట్టుకోవాలి.