ఉచిత హోస్టింగ్ ఎంతవరకు?

కొత్తగా వెబ్‌సైట్ పెట్టేవారికి గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత సేవ చాలావరకు సరిపోతుంది. సైట్ మొత్తం 1 జీబీ దాటకూడదు, నెలకు సుమారు 100 జీబీ డేటా వాడుకోవచ్చు. ఓ సంగీతం టీచర్ తన సైట్ మొదటి పేజీలో ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోలు ఐదు పెట్టారనుకుందాం. పేజీ తెరిచిన ప్రతిసారీ 20 ఎంబీ ఖర్చు, అంటే 5,000 సార్లతో కోటా సరి. ఒక్కో ఫొటోను 200 కేబీకి కుదిస్తే అదే కోటా లక్ష సార్లకు వస్తుంది. డబ్బు కట్టేముందు చేయాల్సిన పని ఇదే!

అయితే అక్కడ పీహెచ్‌పీ, డేటాబేస్ నడవవు. ఆన్‌లైన్ దుకాణం పెట్టడానికి నిబంధనలే ఒప్పుకోవు. ఉచిత సేవలన్నీ ఒకేలా నమ్మదగ్గవీ కావు: 2015లో 000webhost నుంచి కోటికి పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి, పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా.

పెయిడ్ ప్లాన్‌లో చూడాల్సింది మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర. అది రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. ‘అన్‌లిమిటెడ్’ అన్నచోట కూడా ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది, నిబంధనల్లో అడుగున ఎక్కడో.

డొమైన్ మాత్రం మొదటినుంచీ విడిగా, మీ పేరుతోనే కొనండి. username.github.io చిరునామా విజిటింగ్ కార్డుల మీద అచ్చయ్యాక హోస్ట్ మారితే కార్డులన్నీ మళ్లీ వేయించాలి.