చదువు ఒక ఏడాది సాగింది, లోను కంతు ఆగుతుందా?

ఇంజనీరింగ్ నాలుగేళ్లని చెప్పి లోను తీస్తాం. పిల్లలకి ఇయర్ బ్యాక్ పడితే అది అయిదేళ్లవుతుంది. ఈ సంగతి కాలేజీకి తెలుసు, ఇంట్లో తెలుసు, బ్యాంకుకే తెలీదు. లోను ఇచ్చిన రోజు రాసుకున్న ముగింపు తేదీకి ఒక ఏడాది కలిపి, ఆ మరుసటి నెల నుంచి వాళ్లు కంతు అడుగుతారు.

మన బెంగళూరులోనే ఒక అమ్మాయి 2021 ఆగస్టులో చేరిందనుకోండి. లెక్క ప్రకారం చదువు 2025 జులైకి అయిపోవాలి, కంతు 2026 ఆగస్టులో మొదలు కావాలి. మధ్యలో ఏడాది పోయి చదువు 2026 జులైకి ముగుస్తుంది. అంటే ఆఖరి పరీక్ష రాసిన మరుసటి నెలే కంతు! ఉద్యోగం వెతుక్కోడానికని ఇచ్చిన ఏడాదంతా ఇయర్ బ్యాక్ మింగేసింది.

దీనికి దారి ఉంది. బ్యాంకుల సంఘం (ఐబీఏ) నమూనా పథకం ప్రకారం, కోర్సు అనుకున్న టైముకి పూర్తి కాకపోతే గరిష్ఠంగా రెండేళ్లు గడువు పెంచవచ్చు. జబ్బు లాంటి, మన చేతిలో లేని కారణమైతే ఇంకా పెంచాలా అన్నది లోను మంజూరు చేసిన అధికారి ఇష్టం. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల షరతులు వేరు, వాళ్ల మంజూరు పత్రమే చూసుకోవాలి.

ఫెయిలైన సంగతి చెప్పడానికి సిగ్గుపడి చాలామంది నోటీసు వచ్చేదాకా ఆగుతారు. అదే దెబ్బ. కంతు 90 రోజులు దాటి బాకీ పడితే మొండి బాకీ కింద రాస్తారు. తోడు సంతకం పెట్టిన నాన్న సిబిల్ కూడా పాడవుతుంది. అందుకే కోర్సు సాగుతుందని తెలిసిన వెంటనే వెళ్లండి. కోర్సు ఏ నెలకి ముగుస్తుందో రాయించిన బోనఫైడ్ సర్టిఫికెట్, మార్క్స్ కార్డులు, విద్యార్థీ నాన్నా ఇద్దరి సంతకాలున్న అర్జీ ఇవ్వండి. రెండో కాపీ మీద బ్రాంచి సీలు, తేదీ వేయించుకోండి. మేనేజరు “అట్లే ఆగుతుంది లేమ్మా” అన్నా అది చాలదు, ఫైలు పై ఆఫీసుకి పోవాల్సి రావచ్చు. కొత్త కంతు తేదీ రాతపూర్వకంగా చేతికి రావాలి.

గడువు పెరిగితే వడ్డీ ఆగదు. 3 లక్షల లోనుకి 10 శాతమైతే ఏడాదికి 30 వేలు, కంతు మొదలయ్యేటప్పుడు అసలులో కలుస్తుంది. నెలకి 2,500 కట్టుకోగలిగితే ఆ భారం ఉండదు. వడ్డీ సబ్సిడీ ఉన్నవాళ్లు పెరిగిన ఏడాదికీ అది వస్తుందా అని అదే అర్జీలో అడగాలి.

అర్జీకి జవాబు రాకపోతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దానికీ 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఖర్చు లేదు. సీలు వేసిన ఆ రెండో కాపీ అప్పుడు కావాలి.