శనివారం బ్యాంకు తెరుస్తారా?

శుక్రవారం సాయంత్రం. అమెరికాలో ఒక జంట ఇంటికెళ్తూ, జీతాల చెక్కులు ఖాతాలో వేద్దామని దారిలో బ్యాంకు దగ్గర ఆగారు. లోపల బారెడు క్యూ. రేపొద్దున వద్దామన్నాడు భర్త. శనివారం చాలా బ్యాంకులు తెరవరు కదా అంది భార్య. "తెరుస్తారు, నాకు తెలుసు. రెండు వారాల కిందట శనివారమే వచ్చాను" అన్నాడతను.

ఇదే కథలో ఒక్క సంగతి మారుద్దాం. వాళ్లు అప్పటికే ఒకరికి పెద్ద మొత్తానికి చెక్కు రాసిచ్చారు. సోమవారం లోపు డబ్బు పడకపోతే అది బౌన్సవుతుంది. "బ్యాంకు వేళలు మారుతుంటాయి. రేపు తెరుస్తారని నీకు తెలుసా?" అని భార్య నిలదీసింది. అతని నమ్మకం ఇసుమంతైనా సడలలేదు. అయినా, "తెలుసనలేను, లోపలికెళ్లి కనుక్కొస్తా" అన్నాడు.

కీత్ డీరోజ్ అనే తత్త్వవేత్త 1992లో రాసిన వ్యాసంలోది ఈ ఉదాహరణ. రెండు కథల్లోనూ ఆధారం ఒకటే, ఆ పాత శనివారం. మరి ఒకచోట తెలిసి, మరోచోట తెలియకుండా ఎలా పోయింది? అతను రెండుసార్లూ నిజమే చెప్పాడంటాడు డీరోజ్. ‘తెలుసు’ అనడానికి ఎంత ఆధారం కావాలో మాట్లాడేవాళ్ల సందర్భం తేలుస్తుంది. చెక్కు బౌన్సయ్యే ప్రమాదం ఉన్నప్పుడు ఆ గీత పైకి జరుగుతుంది. దీన్నే సందర్భవాదం అంటారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ జంట స్నేహితురాలికి ఫోన్ చేశారనుకుందాం. ఆమె కూడా రెండు వారాల కిందటే వెళ్లింది, ఆమెకు డబ్బు తొందరేమీ లేదు. "నాకు తెలుసు, తెరుస్తారు" అంది. ఫోన్ పెట్టేసి, "ఆమెకూ తెలీదులే" అనుకున్నారు వీళ్లు. సందర్భవాదం ప్రకారం ఆమె మాటా నిజమే, వీళ్ల మాటా నిజమే. జేసన్ స్టాన్లీ 2005లో తన పుస్తకంలో దీన్ని ఒప్పుకోలేదు. నష్టం ఎవరికి వస్తుందన్నదే చూడాలి, మాట్లాడేది ఎవరన్నది కాదంటాడు. అలాగైతే ఆమెకు తెలిసినట్టే, పొరబడింది వీళ్లే.

సందర్భవాదానికి మరో చిక్కు కూడా ఉంది. "స్టేషన్ దగ్గరే" అని ఒకరు, "మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడవలేను" అని మరొకరు అంటే ఎవరూ పోట్లాడుకోరు. దగ్గర, దూరం మనిషిని బట్టి మారతాయని అందరికీ తెలుసు. ‘తెలుసు’ దగ్గర మాత్రం అలా సర్దుకోం, ఎవరో ఒకరు తప్పని పట్టుబడతాం.

తర్వాత ఇలాంటి కథలు మామూలు జనం ముందు పెట్టారు. అనేక దేశాల్లో చేసి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, నష్టం పెంచినా "అతనికి తెలుసు" అనేవాళ్లు పెద్దగా తగ్గలేదు. అంతకుముందు ఆంహెల్ పినియోస్ ప్రశ్ననే తిరగేశాడు. వ్యాసంలో అచ్చుతప్పులు లేవని విద్యార్థికి తెలియాలంటే ఎన్నిసార్లు సరిచూడాలని అడిగాడు. నష్టం ఎక్కువున్న కథలో జనం ఎక్కువసార్లు చూడాలన్నారు.

నా మటుకు డీరోజ్ ఉదాహరణ గట్టిది, దాని మీద కట్టిన సిద్ధాంతమే బలహీనం. ఆ భర్తకు రెండుసార్లూ తెలుసు. రెండోసారి ఆ తెలిసినదాని మీద అంత డబ్బు పణంగా పెట్టలేకపోయాడు, అంతే.